‘అయింది’ అనే మాటకు ఇంగ్లీషులో చోటెక్కడ?

ప్రశ్న: నేను ఒక నిర్మాణ సంస్థలో కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదువుకున్నాను. కిందటి వారం ఒక మెయిల్‌లో ‘ది మీటింగ్ ఈజ్ పోస్ట్‌పోన్డ్ యెస్టర్‌డే’ అనీ, ఇంకొక దానిలో ‘ది ఎస్టిమేట్ హాజ్ బీన్ గాట్ అప్రూవ్డ్ ఆన్ మండే’ అనీ రాశాను. మా మేనేజర్ గారు రెండు వాక్యాలకూ ఎర్ర రంగు పెట్టి తిప్పి పంపారు కానీ కారణం చెప్పలేదు. ప్యాసివ్ వాయిస్ పట్టిక నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు, పరీక్షలో ఆ ప్రశ్నకు ఎప్పుడూ మార్కులు పోలేదు. మరి ఆఫీసులో ఎందుకు తప్పుతోంది?
— ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం:

పరీక్షలో మీకు మార్కులు పోకపోవడానికీ, ఆఫీసులో తప్పు పడటానికీ కారణం ఒక్కటే. పరీక్షలో కర్తరి వాక్యాన్ని వాళ్లే ఇస్తారు. ‘దే పోస్ట్‌పోన్డ్ ది మీటింగ్ యెస్టర్‌డే’ అని ప్రశ్నపత్రంలో ఉంటుంది, క్రియ భూతకాలంలో ఉందని కంటికి కనిపిస్తుంది, కాబట్టి ‘వాజ్’ పెట్టి ‘ది మీటింగ్ వాజ్ పోస్ట్‌పోన్డ్ యెస్టర్‌డే’ అని మీరు తడుముకోకుండా రాస్తారు. ఆఫీసు బల్ల దగ్గర అలాంటి వాక్యాన్ని ఎవరూ ఇవ్వరు. అక్కడ మీ మనసులో ముందుగా మెదిలేది ‘మీటింగ్ నిన్న పోస్ట్‌పోన్ అయింది’ అనే తెలుగు వాక్యం. మీరు దాన్నే ఇంగ్లీషులోకి దించుతున్నారు. దించేటప్పుడు ఆ ‘అయింది’ అనే మాట సగం జారిపోతోంది. పట్టికను మళ్లీ బట్టీ పట్టడం వల్ల ఈ తప్పు పోదు, ఎందుకంటే ఆ పట్టిక మొదలయ్యేదే మీ దగ్గర లేని వాక్యంతో. కాబట్టి మీ దగ్గర ఉన్న తెలుగు వాక్యంతోనే మొదలుపెడదాం.

‘పోస్ట్‌పోన్ అయింది’ అనే మాటను కాస్త విడదీసి చూడండి. ఇందులో ‘పోస్ట్‌పోన్’ అన్న ముక్కకు కాలం లేదు. అయింది, అవుతోంది, అవుతుంది, కాలేదు అని ఎన్ని రకాలుగా మార్చినా మారేది రెండో ముక్కే, మొదటి ముక్క కదలదు. ఇంగ్లీషు కర్మణి వాక్యం కూడా సరిగ్గా ఇదే పద్ధతిలో నడుస్తుంది. ‘వాజ్ పోస్ట్‌పోన్డ్’లో ‘పోస్ట్‌పోన్డ్’కు కాలం లేదు, కాలమంతా ‘వాజ్’లోనే ఉంది. అంటే మన ‘అయింది’ కూర్చునే చోటే ఇంగ్లీషులో ఈజ్, వాజ్, హాజ్ బీన్, విల్ బీ కూర్చునే చోటు. మీరు ‘అయింది’ అనుకుని, దాని చోట ‘ఈజ్’ పెట్టారు.

ఎందుకు పెట్టారో కూడా చెప్పవచ్చు. ‘పోస్ట్‌పోన్డ్’ చివర వినబడే ‘డ్’ మిమ్మల్ని మోసగించింది. ‘డ్’ వచ్చిందంటే భూతకాలం వచ్చేసినట్లేనని, ముందున్న ‘ఈజ్’ కేవలం అతుకు మాత్రమేనని మనసుకు తోస్తుంది. పోస్ట్‌పోన్, అప్రూవ్, డెలివర్ లాంటి క్రియలకు రెండో రూపమూ మూడో రూపమూ ఒకేలా ఉండటం వల్ల కలిగే భ్రమ ఇది. రెండూ వేరుగా ఉండే క్రియను తీసుకుంటే ఆ భ్రమ తొలగిపోతుంది. ‘రైట్’ అనే క్రియకు రెండో రూపం ‘రోట్’, మూడో రూపం ‘రిటెన్’. ‘రోట్’లో గడిచిన కాలం ఉంది, అందుకే ‘షీ రోట్ టుమారో’ అని ఎవరూ అనరు. ‘రిటెన్’లో ఏ కాలమూ లేదు కాబట్టే ‘ది లెటర్ విల్ బీ రిటెన్ టుమారో’ అని రేపటి సంగతి కూడా దానితో చెప్పగలుగుతున్నాం. కర్మణి వాక్యంలోకి వచ్చే ‘పోస్ట్‌పోన్డ్’ ఈ ‘రిటెన్’ లాంటిదే తప్ప ‘రోట్’ లాంటిది కాదు. ‘ఈజ్ రిటెన్ యెస్టర్‌డే’ అని ఒకసారి పైకి అని చూడండి, ‘ఈజ్ పోస్ట్‌పోన్డ్ యెస్టర్‌డే’లో చెవికి తట్టని లోపం ఇందులో వెంటనే తడుతుంది. అనుమానం వచ్చిన ప్రతిసారీ మీ క్రియ స్థానంలో ‘రిటెన్’ పెట్టి చదువుకోవడం నేను చాలామందికి చెప్పిన ఉపాయం, అది బాగానే పనిచేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ‘ది మీటింగ్ ఈజ్ పోస్ట్‌పోన్డ్’ అని, ‘యెస్టర్‌డే’ లేకుండా రాస్తే అది తప్పు కాదు. నోటీసు బోర్డు మీద ఈ వాక్యం కనబడితే అందరూ సరిగానే అర్థం చేసుకుంటారు. అలాంటి వాక్యాలను చూసి చూసి, దానికి ఒక తేదీ తగిలిస్తే సరిపోతుందని మనం అనుకుంటాం. నిజానికి తేదీ లేని ఆ వాక్యం జరిగిన పనిని చెప్పడం లేదు, ఇప్పుడున్న స్థితిని చెబుతోంది. తెలుగులో ఈ తేడా మనకు బాగా తెలుసు. ‘తలుపు మూసి ఉంది’ అంటే స్థితి, ‘తలుపు మూశారు’ అంటే పని. ‘తలుపు నిన్న సాయంత్రం ఆరింటికి మూశారు’ అని అంటాం. ‘నిన్న సాయంత్రం నేను వెళ్లేసరికి తలుపు మూసి ఉంది’ అని కూడా అంటాం, కానీ అప్పుడు మన దృష్టి నిన్నటి స్థితి మీద ఉంటుంది, ఇంగ్లీషులో దానికీ ‘వాజ్’ కావలసిందే. ‘ఈజ్’కు దొరికేది ఇప్పటి స్థితి ఒక్కటే, ఆ స్థితి పక్కన గడిచిపోయిన తేదీ నిలబడలేదు. మరొక చోట కూడా ‘ఈజ్’ సరిగ్గా సరిపోతుంది, అది అలవాటుగా జరిగే పని. ‘జీతం ప్రతి నెలా ఐదో తేదీన క్రెడిట్ అవుతుంది’ అనడానికి ‘శాలరీ ఈజ్ క్రెడిటెడ్ ఆన్ ది ఫిఫ్త్ ఆఫ్ ఎవ్రీ మంత్’ అన్నది చక్కటి వాక్యం.

జీతం ప్రస్తావన వచ్చింది కనుక మీ ఫోన్‌లోనే ఒక నమూనా చూడండి. మన దేశంలో కొన్ని బ్యాంకులు పంపే సందేశాల్లో ‘యువర్ అకౌంట్ ఈజ్ క్రెడిటెడ్’ అని మొదలై, కొన్ని మాటల తరువాత ఫలానా తేదీన అని ఉంటుంది. అది మీరు రాసిన వాక్యం లాంటిదే. డబ్బు పడిన క్షణంలోనే సందేశం వస్తుంది కాబట్టి చదివేటప్పుడు అది ఎబ్బెట్టుగా అనిపించదు, కానీ నెలకు పాతికసార్లు కంటబడే వాక్యం చేతికి అలవాటైపోతుంది. ఈ తప్పు ఇంతగా పాతుకుపోవడానికి బడి ఎంత కారణమో, రోజూ మన కళ్ల ముందు నుంచి పోయే ఇలాంటి వాక్యాలూ అంత కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు దిద్దుబాటు సంగతి. ‘ఈజ్’ తప్పని తెలిసిన వెంటనే చాలామంది ‘ది మీటింగ్ హాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్ యెస్టర్‌డే’ అని మారుస్తారు. అది కూడా తప్పే, కారణం మాత్రం వేరు. తెలుగులో ‘అయింది’ ఒక్కటే ఉంది. ‘మీటింగ్ నిన్న పోస్ట్‌పోన్ అయింది’లోనూ అదే, ‘మీటింగ్ పోస్ట్‌పోన్ అయింది, ఇక రావద్దు’లోనూ అదే. ఇంగ్లీషు ఈ రెండింటినీ వేరు చేస్తుంది. ఎప్పుడు అయిందో చెబితే ‘వాజ్’, ఎప్పుడన్నది చెప్పకుండా ఇప్పుడు దాని ఫలితం ఏమిటన్నది మాత్రమే చెబితే ‘హాజ్ బీన్’. నిన్న, సోమవారం, కిందటి నెల, పదింటికి, 2023లో వంటి గడిచిపోయిన కాలాన్ని వేలుపెట్టి చూపే ఏ మాట వాక్యంలో ఉన్నా ‘హాజ్ బీన్’ రాకూడదు. కాబట్టి మీ వాక్యానికి రెండు దారులున్నాయి. ఎప్పుడు నిర్ణయించారన్నది ముఖ్యమైతే ‘ది మీటింగ్ వాజ్ పోస్ట్‌పోన్డ్ యెస్టర్‌డే’ అని రాయండి. అది అవతలివారికి అక్కరలేని వివరమైతే ‘యెస్టర్‌డే’ని తీసేసి, వారికి కావలసిన వివరాన్ని చేర్చి ‘ది మీటింగ్ హాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్ టు ఫ్రైడే’ అని రాయండి. మీ విభాగానికి రెండోదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఎప్పుడు వాయిదా వేశారన్న దానికంటే మళ్లీ ఎప్పుడు జరుగుతుందన్నదే చదివేవారికి కావాలి.

ఆ ‘యెస్టర్‌డే’ విషయంలో ఇంకొక్క మాట. నిన్న జరగవలసిన సమావేశం వాయిదా పడిందని చెప్పాలనుకుని కొందరు ఇదే వాక్యం రాస్తారు. ‘ది మీటింగ్ వాజ్ పోస్ట్‌పోన్డ్ యెస్టర్‌డే’ అంటే వాయిదా వేసింది నిన్న అని మాత్రమే అర్థం, సమావేశం ఏ రోజుదో అందులో లేదు. సమావేశమే నిన్నటిదైతే ‘యెస్టర్‌డేస్ మీటింగ్ వాజ్ పోస్ట్‌పోన్డ్’ అని ముందే చెప్పాలి.

‘గాట్ అప్రూవ్డ్’ సంగతి దీనికి భిన్నమైనది, నాకు దీని గురించి వివరంగా రాయాలని ఉంది, ఎందుకంటే ఈ వాక్యం వెనుక అజ్ఞానం లేదు, ఒక మంచి ఉద్దేశం ఉంది. ‘ఎస్టిమేట్ సోమవారం అప్రూవ్ అయింది’ అన్నప్పుడు అది ఎలా అయిందో మనకు తెలియదు. ‘ఎస్టిమేట్‌ను సోమవారం అప్రూవ్ చేయించాం’ అన్నప్పుడు మనం వెంటపడి, బల్లలు తిరిగి, సంతకం పెట్టించామన్న భావం వస్తుంది. మీరు ఆ శ్రమను చెప్పాలనుకున్నారు. ‘చేయించాం’కు ఇంగ్లీషులో ‘గాట్’ ఉందని మీకు తెలుసు, అది నిజమే. ‘వుయ్ గాట్ ది ఎస్టిమేట్ అప్రూవ్డ్ ఆన్ మండే’ అన్నది నిర్దోషమైన వాక్యం. కానీ ఆఫీసు మెయిల్‌లో ‘మేము’ అని రాయడానికి మనకు చేయి రాదు, కర్తను దాచిపెట్టడమే మర్యాద అని నేర్చుకున్నాం. మన కార్యాలయ భాషలో దానికి సిద్ధంగా ఒక అచ్చు కూడా ఉంది. ‘మోటారు మరమ్మతు చేయించడమైనది’, ‘అంచనా మంజూరు చేయించడమైనది’ అని ఫైళ్లలో రాస్తుంటారు. ఆ ‘చేయించడమైనది’ని మాటకు మాటగా దించితే ‘చేయించు’కు ‘గాట్’, ‘ఐనది’కి ‘హాజ్ బీన్’ వచ్చి, ‘హాజ్ బీన్ గాట్ అప్రూవ్డ్’ తయారవుతుంది.

ఇంగ్లీషులో అది కుదరకపోవడానికి కారణం, ‘చేయించు’ అనే అర్థంలో వచ్చే ‘గెట్’ కర్మణి వాక్యంలోకి మారదు. ‘హ్యావ్’ కూడా అంతే. ‘వుయ్ హ్యాడ్ ది మోటార్ రిపేర్డ్’ అనవచ్చు కానీ ‘ది మోటార్ వాజ్ హ్యాడ్ రిపేర్డ్’ అనరాదు. ‘మేక్’ మాత్రం మారుతుంది, ‘హీ వాజ్ మేడ్ టు వెయిట్’ అంటాం. అందుకని ప్రేరణార్థకాలన్నీ ఒకే దారిలో నడుస్తాయని అనుకోకూడదు. దీనికి సులువైన పరీక్ష మీ నోటిలోనే ఉంది. ‘అప్రూవ్ అయింది’ అంటారు, ‘అప్రూవ్ చేయించాం’ అంటారు, కానీ ‘అప్రూవ్ చేయించబడింది’ అని మీరు ఇంట్లో గానీ, ఆఫీసులో పక్కవారితో గానీ ఎప్పుడైనా అన్నారా? మాట్లాడే తెలుగు కూడా ఆ రెండింటినీ కలపదు. ఇంగ్లీషు వాక్యం రాసే ముందు ఫైలు భాషను పక్కన పెట్టి, పక్క సీటులో ఉన్న వారికి చెబుతున్నట్లు అనుకోండి. ‘అయింది’ అని వస్తే ‘ది ఎస్టిమేట్ వాజ్ అప్రూవ్డ్ ఆన్ మండే’, ‘చేయించాం’ అని వస్తే ‘వుయ్ గాట్ ది ఎస్టిమేట్ అప్రూవ్డ్ ఆన్ మండే’. మీ శ్రమ కనిపించాలంటే ‘వుయ్’ కనిపించక తప్పదు. మెయిల్‌లో ‘వుయ్’ అని రాయడం అహంకారం కాదని, బాధ్యత తీసుకోవడమని నా అభిప్రాయం.

మీ మేనేజర్ గారితో ఎవరైనా వాదిస్తే, ఆ వాదించేవారి పక్షాన ఒక మాట వినబడవచ్చు కాబట్టి దాన్ని నేనే చెబుతాను. మన దేశపు కార్యాలయాల్లోనూ కోర్టు కాగితాల్లోనూ ‘మే బీ గాట్ వెరిఫైడ్’, ‘వాజ్ గాట్ మెడికల్లీ ఎగ్జామిన్డ్’ వంటి ప్రయోగాలు విరివిగా ఉన్నాయి. వాటిని రాసేవారికీ చదివేవారికీ అర్థం తెలుసు, పని నడుస్తోంది. మీరు అలాంటి కార్యాలయంలో ఉంటే, అక్కడి పెద్దలు అదే రాయమంటే, రాయడంలో నష్టం లేదు. అయితే మీ మెయిల్ మరో దేశంలోని సరఫరాదారుకు వెళితే ఆ వాక్యం దగ్గర వారు ఆగిపోతారు, ‘గాట్’ ఎందుకు వచ్చిందో వారికి తోచదు. దీనితో కలగాపులగం చేయకూడని ప్రయోగం ఇంకొకటి ఉంది. ‘ది ఎస్టిమేట్ గాట్ అప్రూవ్డ్’ అని, ‘హాజ్ బీన్’ లేకుండా రాస్తే అది సరైన ఇంగ్లీషే, మాటల్లో బాగా వాడతారు. అందులో ‘గాట్’ అంటే ‘చేయించాం’ కాదు, ‘వాజ్’ చేసే పనినే అది చేస్తోంది. ‘బీన్’ అయినా ఉండాలి, ‘గాట్’ అయినా ఉండాలి, రెండూ ఒకే పనికి పక్కపక్కన కూర్చోకూడదు. పద్ధతిగా రాసే మెయిల్‌లో నేనైతే ‘వాజ్’ వైపే మొగ్గుతాను.

మీలాగే సరఫరా విభాగంలో పనిచేసే ఒక యువకుడు కొంతకాలం క్రితం నా దగ్గరకు తెచ్చిన మెయిల్ ఒకటి ఇక్కడ పనికొస్తుంది. అందులో నాలుగు వాక్యాలు ఉన్నాయి. ‘ది పర్చేజ్ ఆర్డర్ ఈజ్ ఇష్యూడ్ ఆన్ ట్వెల్ఫ్త్ జూన్. ది డ్రాయింగ్స్ హ్యావ్ బీన్ గాట్ కరెక్టెడ్. ది మెటీరియల్ ఈజ్ డెలివర్డ్ నెక్స్ట్ వీక్. ది ఓల్డ్ కాంట్రాక్ట్ వాజ్ ఎక్స్‌పైర్డ్ ఆన్ థర్టీ ఫస్ట్ మార్చ్.’ నేను ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులో చెప్పమన్నాను. మొదటిది ‘ఆర్డర్ జూన్ 12న ఇష్యూ అయింది’ అన్నాడు. ‘అయింది’ ఉంది, తేదీ ఉంది, కాబట్టి ‘వాజ్ ఇష్యూడ్’ అని తనే దిద్దుకున్నాడు. రెండోదానికి ‘డ్రాయింగులు కరెక్ట్ చేయించాం’ అన్నాడు. ఎవరితో అని అడిగితే, బయటి ఆర్కిటెక్ట్‌తో అన్నాడు. ఆ సంగతి చదివేవారికి తెలియడం అవసరం కాబట్టి ‘వుయ్ హ్యావ్ గాట్ ది డ్రాయింగ్స్ కరెక్టెడ్ బై ది ఆర్కిటెక్ట్’ అని రాశాం. దాచిన కర్త బయటికి రాగానే దాగి ఉన్న సమాచారం కూడా బయటపడింది.

మూడో వాక్యం దగ్గర తెలుగు అతనికి సాయపడలేదు. ‘వచ్చే వారం డెలివర్ అవుతుంది’ అన్నాడు. తెలుగులో ‘అవుతుంది’ రెండు పనులు చేస్తుంది. ‘ప్రతి సోమవారం డెలివర్ అవుతుంది’ అంటే అలవాటు, ‘వచ్చే సోమవారం డెలివర్ అవుతుంది’ అంటే భవిష్యత్తు. ఇంగ్లీషులో మొదటిది ‘ఈజ్ డెలివర్డ్’, రెండోది ‘విల్ బీ డెలివర్డ్’. కాబట్టి ‘అవుతుంది’ వచ్చినప్పుడల్లా ‘ప్రతి’ అని చేర్చి చూడాలి, అర్థం చెడకపోతే ‘ఈజ్’, చెడితే ‘విల్ బీ’.

నాలుగో వాక్యం నా ఉపాయానికే అడ్డం తిరిగింది. ‘పాత కాంట్రాక్ట్ మార్చి 31న ఎక్స్‌పైర్ అయింది’ అన్నాడు. ‘అయింది’ ఉంది, తేదీ ఉంది, నేను చెప్పిన లెక్క ప్రకారం ‘వాజ్ ఎక్స్‌పైర్డ్’ అనే రావాలి, అతను అదే రాశాడు, కానీ అది తప్పు. మనం ‘అప్రూవ్ అయింది’ అన్నంత సులువుగా ‘ఎక్స్‌పైర్ అయింది’ కూడా అంటాం, కానీ రెండూ ఒకటి కాదు. ఎస్టిమేట్‌ను ఎవరో అప్రూవ్ చేస్తే అది అప్రూవ్ అవుతుంది. కాంట్రాక్ట్‌ను ఎవరూ ఎక్స్‌పైర్ చేయరు, గడువు తీరి అదే ముగుస్తుంది. అందుకని ‘అయింది’ని ఇంగ్లీషులోకి దించే ముందు దాన్ని ఒకసారి ‘చేశారు’గా మార్చి చూడాలి. ‘పోస్ట్‌పోన్ చేశారు’, ‘అప్రూవ్ చేశారు’, ‘ఇష్యూ చేశారు’ అన్నవి చక్కగా కుదురుతాయి, కాబట్టి వాటికి ‘వాజ్’ కావాలి. ‘ఎక్స్‌పైర్ చేశారు’ కుదరదు, కాబట్టి అక్కడ ‘వాజ్’ అక్కరలేదు, ‘ది ఓల్డ్ కాంట్రాక్ట్ ఎక్స్‌పైర్డ్ ఆన్ థర్టీ ఫస్ట్ మార్చ్’ అంటే చాలు. ఇక్కడ ‘ఎక్స్‌పైర్డ్’ మూడో రూపం కాదు, ‘రోట్’ లాగా కాలాన్ని తనలోనే మోస్తున్న రెండో రూపం. ‘యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్’, ‘ది ఎర్రర్ వాజ్ అక్కర్డ్’ అని రాసేవారికి కూడా ఇదే మందు. ప్రమాదం జరిగింది గానీ ఎవరూ దాన్ని జరపలేదు.

మీరు ఇకమీదట మెయిల్ పంపే ముందు ఈజ్, వాజ్, హాజ్ బీన్ ఉన్న వాక్యాల దగ్గర మాత్రమే ఆగండి, మిగిలినవాటిని వదిలేయండి. మొదట ‘చేశారు’ కుదురుతుందేమో చూసి, తరువాత గడిచిన తేదీ ఏదైనా ఉందేమో వెతకండి. ‘బీన్’ పక్కన ‘గాట్’ కనబడితే, అక్కడ మీరు చెప్పదలచుకున్నది ‘అయింది’నా ‘చేయించాం’నా అన్నది తేల్చుకుని ఒకదాన్ని కొట్టేయండి. మీ ఎస్టిమేట్ మెయిల్ విషయంలో, ఆ ఆమోదం కోసం తిరిగింది మీరే అయితే, ‘వుయ్ గాట్ ది ఎస్టిమేట్ అప్రూవ్డ్ ఆన్ మండే’ అని దిద్ది తిరిగి పంపండి.